పోస్టుల వార్షిక ఆడిట్

ఒక పేజీలో ఏడాది పొడవునా పెట్టిన పోస్టులన్నిటినీ ఒకచోట వరసపెట్టి, ఒక్కొక్కటి ఎందరికి చేరింది, చూసినవాళ్ళు ఆ తర్వాత ఏం చేశారు అని లెక్క చూడడమే పోస్టుల వార్షిక ఆడిట్. ఏది ఆపాలి, ఏది మళ్ళీ పెట్టాలి, ఏది మార్చి పెట్టాలి అన్న మూడు నిర్ణయాలు దాన్నించి తేలాలి. కోనసీమలో మిఠాయి దుకాణాలు, చేనేత దుకాణాలు, లాడ్జీలు, ఊరి వార్తల పేజీలు చాలావరకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మీదే నడుస్తాయి. కనుక ఈ వ్యాసం కొత్తపేట దగ్గరి ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒక ఊహాత్మక పేజీని ఉదాహరణగా తీసుకుంటుంది. పేజీ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఊళ్ళు, తేదీలు, పండుగలు మాత్రం నిజమైనవి.

ఏడాది ఎక్కడ మొదలవ్వాలి

ఆడిట్ చెడేది చాలాసార్లు ఇక్కడే. జనవరి నుంచి డిసెంబరు దాకా తీసుకుంటే సంక్రాంతి రెండు ముక్కలవుతుంది. ఆర్డర్ల కోసం పెట్టిన డిసెంబరు పోస్టులు ఒక ఏడాదిలోనూ, ఆ ఆర్డర్లు వచ్చిన జనవరి మరో ఏడాదిలోనూ పడతాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా తీసుకుంటే పండుగ ముక్కలు కాదు, బిల్లు పుస్తకంతోనూ కలుస్తుంది.

నెలకు నెలను పోల్చడంలో మరో చిక్కుంది. అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ప్రభల తీర్థం కనుమ నాడు జరుగుతుంది కాబట్టి ప్రతి ఏడూ జనవరి నడిమికే వస్తుంది. అంతర్వేది రథోత్సవం అలా కాదు, మాఘ శుద్ధ ఏకాదశిని బట్టి నడుస్తుంది. ఆ తిథి 2024లో ఫిబ్రవరి 20న వస్తే, 2025లో ఫిబ్రవరి 8న వచ్చింది. రాజోలు వైపు పేజీ ఏదైనా రెండేళ్ళ ఫిబ్రవరి రెండో వారాలను పక్కపక్కన పెడితే, ఒక ఏడు తీర్థం రద్దీ, మరో ఏడు మామూలు వారం కనిపిస్తాయి. తేడా పోస్టులోది కాదు, పంచాంగంలోది. అందుకని పట్టికలో తేదీ పక్కన ‘సందర్భం’ అనే గడి ఒకటి ఉండాలి.

పేజీ చేతిలో లేని సంగతులూ ఆ గడిలోకే వెళ్తాయి. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ కొన్నాళ్ళు ఆగిపోయింది. ఆ రోజుల్లో పోస్టు పడుకుందంటే అది పోస్టు తప్పు కాదు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థం ఢిల్లీ వీధిలో కదిలింది. ఆ వారం ప్రభల ఫొటోకు రీచ్ పెరిగిందంటే అది ఫొటో గొప్ప అనీ చెప్పలేం. ఇలాంటి వారాలను విడిగా గుర్తుపెట్టి, తీర్పు నుంచి తప్పించాలి.

పట్టిక తయారీ

Meta Business Suiteలో Insights కింద పోస్టుల లెక్కలను CSV ఫైలుగా దింపుకోవచ్చు. దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు వాక్యాలు అర్థంకాని గుర్తులుగా మారిపోవచ్చు. ఫైలు పాడైందనుకుని కంగారు పడతారుగానీ, పాడైంది ఫైలు కాదు. Data లో From Text/CSV నొక్కి, 65001: Unicode (UTF-8) ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి. తేదీల్లో నెల, రోజు తారుమారు కాలేదని పేజీలోని రెండు మూడు పోస్టులతో సరిచూసుకోవాలి. డబ్బు కట్టి బూస్ట్ చేసినవాటిని వేరే షీటులోకి మార్చాలి. మార్చి చివరి రెండు వారాల పోస్టులకు ఇంకా చూపులు వస్తుంటాయి కనుక వాటి లెక్కను కాస్త ఆగి దింపుకోవాలి.

తర్వాతి పని చేత్తో చేయాల్సిందే. ప్రతి పోస్టుకూ దాని ‘రకం’ రాయాలి. వీడియోనా ఫొటోనా అన్నది కాదు ఇక్కడ రకం, దేని గురించి అన్నది. మన పేజీలో ఏడాదికి 156 పోస్టులు అనుకుందాం: పండుగ శుభాకాంక్షలు 48, ధరతో సరుకు ఫొటోలు 60, తయారీ వీడియోలు 24, నిల్వా రుచీ వివరాలు 12, వరదా ఊరి కబుర్లు 12.

రీచ్ చెప్పేది, చెప్పనిది

తయారీ వీడియోలు 24లో 23 తలా 4,000 మందికి చేరాయి, ఒక్కటి మాత్రం 2,10,000 మందికి చేరిందనుకోండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద అలా పరుచుకుని తీయగానే రేకు కాగితంలా లేవడం: ఆ ఒక్క క్షణం దగ్గరగా పట్టిన వీడియో అది. సగటు తీస్తే 12,500 దాటుతుంది. ఆ రకంలో ఏ వీడియో రీచూ నిజానికి ఆ అంకె దరిదాపుల్లో లేదు. పోస్టులను రీచ్ వరసలో పేర్చి నడిమి అంకె, అంటే మధ్యగతం తీస్తే 4,000 వస్తుంది. వచ్చే ఏడాదికి ఆశ పెట్టుకోవాల్సింది ఆ అంకె మీదే.

ఇక రీచ్ ఒక్కటే చూస్తే గోదావరి వరద ఫొటోలు అన్నిటికంటే ముందుంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజున లంక గ్రామాల ఫొటో ఎవరు పెట్టినా జనం చూస్తారు. వాళ్ళకు కావలసింది నీటి కబురు, పూతరేకులు కాదు. అందుకే రీచ్‌లో ఎందరు షేర్ చేశారు, ఎందరు దాచుకున్నారు అన్న నిష్పత్తి పక్కన వేయాలి. G గడిలో రీచ్, H లో షేర్లు, I లో సేవ్‌లు ఉంటే:

```
=(H2+I2)/G2
```

దీనికి తోడు దుకాణంలో ఒక అలవాటు కావాలి. వాట్సాప్ ఆర్డరు రాసుకునేటప్పుడు ‘ఎక్కడ చూశారండీ?’ అని అడిగి, బిల్లు పుస్తకంలో పోస్టు రకం ఒక్క మాట రాయాలి. ఏ యాప్ ఈ సమాచారం ఇవ్వదు. సంవత్సరం మధ్యలో మొదలుపెట్టినా పనికొస్తుంది.

తీర్పు

మన పేజీలో శుభాకాంక్షల మధ్యగతం 900, షేర్లు, సేవ్‌లు దాదాపు లేవు, ఆర్డర్లు లేవు. వారానికి దాదాపు ఒక్కటి చొప్పున శ్రమ పడుతోంది. ఇవి ఆపాలి. సంక్రాంతి, ఉగాది లాంటి నాలుగైదు ఉంచుకోవచ్చు. వరద ఫొటోలూ దుకాణం పేజీలో ఆపదగ్గవే, వరద వల్ల పార్సిల్ ఆలస్యమవుతుందన్న కబురు తప్ప. పాత ధరల పోస్టులను చెరిపేయకుండా Archive చేస్తే లెక్కలు మిగులుతాయి. పేజీలో వదిలేస్తే మాత్రం పాత ధరకే ఇమ్మని అడిగేవాళ్ళతో గొడవ తప్పదు.

తయారీ వీడియోలు మళ్ళీ చేయాలి. మళ్ళీ చేయడమంటే పాత ఫైలునే ఎక్కించడం కాదు. జనాన్ని ఆపింది రేకు లేచే క్షణమైతే, దాన్ని మొదటి సెకనులోకి తెచ్చి, ఈసారి నెయ్యి రాసి మడతపెట్టే చేతులను కొత్తగా తీయాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది నిల్వ వివరాల పోస్టులను. మధ్యగతం 700 మాత్రమే, అందుకే పైపైన చూసేవాళ్ళు వీటిని మొదట కొట్టేస్తారు. కానీ చూసిన ప్రతి 100 మందిలో 6 సార్లు షేరో సేవో జరిగింది, బిల్లు పుస్తకంలో పేరు పడింది. విషయం మంచిదే, తలుపు ఇరుకైంది: మొదటి బొమ్మ నిండా చిన్న అక్షరాలు. చక్కెరవి ఎన్నాళ్ళుంటాయి, బెల్లానివి ఎన్నాళ్ళుంటాయి అన్న ప్రశ్న ఒక్కటే పెద్దగా రాసి, జవాబు తర్వాతి బొమ్మలో పెట్టాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి అభినందన పోస్టు కూడా ఇలాగే మారుతుంది. అప్పటి వార్తగా దాని పని అయిపోయింది. ఆ గుర్తింపు ఏ ఊరి సరుకుకు వర్తిస్తుందో చెప్పే పోస్టుగా ఏటా పనికొస్తుంది.

మార్చిన పోస్టులో ఒకేసారి ఒక్కటే మార్చాలి. మొదటి బొమ్మ, సమయం, రాత మూడూ మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. కొత్తదాన్ని పాత రకం మధ్యగతంతో పోల్చాలిగానీ, ఆ 2,10,000 వీడియోతో కాదు. అయిదుకంటే తక్కువ పోస్టులున్న రకానికి ఆ ఏడు తీర్పు ఇవ్వకుండా, వచ్చే మార్చి దాకా ఇంకొన్ని పెట్టి చూడాలి.