గుంపు కూడితేనే వెలుగు

సముద్రపు నీళ్లలో బతికే కొన్ని బ్యాక్టీరియా చీకట్లో నీలిపచ్చగా వెలుగుతాయి. 1960ల చివర అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వుడ్‌లాండ్ హేస్టింగ్స్ ప్రయోగశాల ఈ వెలుగు మీదే పనిచేస్తోంది. అక్కడ రోజూ కనిపించే ఒక విషయం ఎవరికీ అంతుపట్టలేదు. వెలుగుతున్న బ్యాక్టీరియాలోంచి చిటికెడు తీసి కొత్త పోషక ద్రవంలో వేస్తే అవి వెంటనే పెరగడం మొదలుపెడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కానీ ఫ్లాస్కులోని వెలుగు మాత్రం పెరగదు. కణాలు ఎన్నో రెట్లు అయ్యాక కూడా మొదట ఉన్నంత వెలుగే ఉంటుంది. గంటలు గడిచి ద్రవం బాగా చిక్కబడ్డాక వెలుగు ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు కణాల సంఖ్యను దాటిపోయే వేగంతో పెరుగుతుంది.

దీనికి అప్పటికే ఒక వివరణ ఉంది. కొత్త ద్రవంలో వెలుగును అడ్డుకునే పదార్థమేదో ఉందనీ, బ్యాక్టీరియా పెరుగుతూ దాన్ని తినేశాక వెలుగు వస్తుందనీ 1968లో కెంప్నర్, హాన్సన్ రాశారు. సబబైన మాటే. హేస్టింగ్స్ దగ్గర పరిశోధకుడిగా ఉన్న కెన్నెత్ నీల్సన్ మాత్రం దీన్ని తిరగేసి ఆలోచించాడు. ఉన్నది పోవడం వల్ల కాకుండా, లేనిది వచ్చి చేరడం వల్ల వెలుగు పుడుతుంటే?

ఈ సందేహాన్ని తీర్చే పరీక్ష చెప్పుకోవడానికి చాలా చిన్నది. బ్యాక్టీరియా చిక్కగా పెరిగిన పాత ద్రవాన్ని తీసుకుని కణాలన్నిటినీ వేరుచేయాలి. మిగిలిన తేట నీటిని, ఇంకా పలచగా ఉన్న కొత్త బ్యాక్టీరియాకు ఇవ్వాలి. పాలలో తోడు వేసినప్పుడు వెళ్లేది బ్యాక్టీరియానే. ఇక్కడ వెళ్లేది బ్యాక్టీరియా లేని నీరు మాత్రమే. అయినా ఆ పలచటి బ్యాక్టీరియా గంటల తరబడి ఆగకుండా ముందుగానే వెలిగింది. అంటే పాత ద్రవంలో బ్యాక్టీరియా విడిచిన పదార్థం ఒకటి ఉంది. అది తగినంత పోగయ్యేదాకా వెలుగు రాదు. కొత్త ద్రవంలో అడ్డుకునే పదార్థం కూడా నిజంగానే ఉందని 1972లో అనటోల్ ఎబర్‌హార్డ్ చూపించాడు. కాబట్టి పాత వాదం పూర్తిగా తప్పు కాదు, అసలు కథ మాత్రం రెండోది.

నీల్సన్, టెరీ ప్లాట్, హేస్టింగ్స్ కలిసి 1970లో ఈ ఫలితాన్ని జర్నల్ ఆఫ్ బ్యాక్టీరియాలజీలో ప్రచురించారు. అందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది మందులతో చేసిన భాగం. జన్యువు నుంచి నకలు తీసే పనిని రిఫాంపిసిన్ ఆపేస్తుంది. వెలుగు లేవబోయే ముందు ఆ మందు వేస్తే వెలుగు లేవలేదు. అంటే వెలుగునిచ్చే లూసిఫెరేజ్ ఎంజైమ్ అప్పటికే తయారై నిద్రపోవడం లేదు. దాన్ని తయారుచేసే జన్యువే అప్పటిదాకా మూసి ఉండి, ఆ ఘడియలో తెరుచుకుంటోంది. ఒంటరి బతుకు తప్ప మరొకటి తెలియదనుకున్న జీవి, బయట పోగైన తన పదార్థాన్నే చూసి తన జన్యువును తెరుస్తోందన్నమాట. దీనికి వాళ్లు ఆటోఇండక్షన్ అని పేరు పెట్టారు. వెలిగే బ్యాక్టీరియాకే పరిమితమైన వింతగా చాలామంది దీన్ని పక్కన పెట్టేశారు. ఆ చిన్నచూపు పోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ పదార్థం ఏమిటో 1981లో ఎబర్‌హార్డ్, నీల్సన్ బృందం విడదీసి చూపింది. హోమోసెరిన్ లాక్టోన్ అనే చిన్న ఉంగరానికి ఆరు కార్బన్ల తోక తగిలించిన అణువు అది. 1983లో జోఆన్ ఎంగెబ్రెక్ట్, నీల్సన్, మైఖేల్ సిల్వర్‌మన్ కలిసి ఆ వెలుగు జన్యువులను విబ్రియో ఫిషెరీ అనే బ్యాక్టీరియా నుంచి తీసి, మన పేగుల్లో ఉండే ఈ.కోలైలో పెట్టారు. ఎన్నడూ వెలగని ఈ.కోలై వెలిగింది. అదీ ఎప్పుడంటే, చిక్కబడ్డాకే. వెలుగుతో పాటు ఆగి చూసే గుణం కూడా ఆ డీఎన్ఏ ముక్కలోనే వచ్చేసింది.

లోపల జరిగేది ఇది. లక్స్-ఐ అనే జన్యువు ఒక ఎంజైమ్‌ను తయారుచేస్తుంది, ఆ ఎంజైమ్ సంకేత అణువును తయారుచేస్తుంది. అణువు చిన్నది కాబట్టి కణం గోడల్లోంచి అటూ ఇటూ పారగలదు. కణం ఒంటరిగా ఉంటే తయారైనదంతా సముద్రం పాలవుతుంది. చుట్టూ కణాలు కిక్కిరిసి ఉంటే అది బయట పోగవుతుంది, బయట ఎంత గాఢత ఉందో లోపలా అంతే అవుతుంది. హైడీ కప్లాన్, పీటర్ గ్రీన్‌బర్గ్ 1985లో రేడియోధార్మిక గుర్తు పెట్టిన అణువులతో దీన్ని రుజువు చేశారు. గాఢత ఒక గీత దాటగానే అణువు లక్స్-ఆర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ జంట వెళ్లి వెలుగు జన్యువుల ముందు కూర్చుని వాటిని తెరుస్తుంది. ఆ వరుసలో మొదట ఉన్నది మళ్లీ లక్స్-ఐ. అంటే సంకేతం అందిన కణం ఇంకా ఎక్కువ సంకేతం తయారుచేస్తుంది. వెలుగు మెల్లగా కాకుండా ఒక్కసారిగా లేవడానికి కారణం ఈ మెలికే.

ఆ గీత ఎంత కింద ఉందో లెక్క వేసి చూద్దాం. దాదాపు 10 నానోమోలార్ అనుకుంటే, వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులో రెండు మిల్లీగ్రాములు కలిపినట్టు. ఒక బ్యాక్టీరియా కణం లోపలి చోటుకు లెక్కిస్తే పట్టుమని పది అణువులు కూడా ఉండవు.

ఈ పద్ధతి విబ్రియో ఫిషెరీకి ఎందుకు పనికొస్తుందో హవాయి తీరంలోని బాబ్‌టెయిల్ స్క్విడ్ అనే చిన్న జీవిని చూస్తే తెలుస్తుంది. మార్గరెట్ మెక్‌ఫాల్-నై, ఎడ్వర్డ్ రూబీ దశాబ్దాలుగా దీని మీద పనిచేశారు. స్క్విడ్ పొట్ట కింది సంచిలో ఈ బ్యాక్టీరియా మిల్లీలీటరుకు వందల కోట్లకు పైగా కిక్కిరిసి ఉంటుంది. రాత్రి వేటకు వెళ్లినప్పుడు అది కిందికి వెలుగు చిమ్ముతుంది. దాంతో వెన్నెల్లో స్క్విడ్ నీడ అడుగున ఉన్న శత్రువులకు కనపడదు. తెల్లవారగానే స్క్విడ్ తొంభై శాతానికి పైగా బ్యాక్టీరియాను బయటికి నెట్టేస్తుంది. మిగిలినవి పగలంతా పెరిగి రాత్రికి మళ్లీ గుంపవుతాయి. నెట్టేసినవి సముద్రంలో చెల్లాచెదురై వెలగడం మానేస్తాయి. అక్కడ వెలిగినా చూసేవాడు లేడు, శక్తి దండగ.

1990లలో ఇలాంటి అణువులు వరసగా బయటపడ్డాయి. మొక్కల్లో గడ్డలు పుట్టించే బ్యాక్టీరియాలో, కుళ్లు తెచ్చేవాటిలో, మనుషుల్లో జబ్బు తెచ్చేవాటిలో ఉంగరం అదే, తోక పొడవు వేరు. 1994లో ఫుక్వా, వినాన్స్, గ్రీన్‌బర్గ్ ఈ మొత్తానికి కోరమ్ సెన్సింగ్ అనే పేరు ఖాయం చేశారు. ఈ కోరమ్ సెన్సింగ్ మీద పరిశోధకురాలు బానీ బాస్లర్ పనిచేసిన మరో వెలిగే బ్యాక్టీరియా విబ్రియో హార్వేయీ కోస్తా ఆంధ్ర రొయ్యల హేచరీల వాళ్లకు కొత్తేమీ కాదు. రాత్రి లైట్లు ఆర్పాక ట్యాంకులో రొయ్య పిల్లలు మిణుకుమిణుకుమంటే అది సీడ్‌ను చంపే ఈ జాతి పనే కావచ్చు.

గుంపు ఉందని తెలిశాక బ్యాక్టీరియా ఇంకేం చేస్తుందన్న ప్రశ్నకు గట్టి జవాబు 1998లో వచ్చింది. సూడోమోనాస్ ఎరుజినోసా కాలిన గాయాల్లోనూ, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బున్నవారి ఊపిరితిత్తుల్లోనూ తిష్ట వేస్తుంది. ఊపిరితిత్తుల్లో అది విడి కణాలుగా ఈదదు. జిగురులో పొదిగిన పొరగా, బయోఫిల్మ్‌గా ఉంటుంది. పళ్ల మీద పేరుకునే పాచి కూడా అలాంటి పొరే. మోంటానాలో బిల్ కాస్టర్‌టన్ నడిపిన బయోఫిల్మ్ కేంద్రంలో డేవిడ్ డేవిస్, అయోవాలోని గ్రీన్‌బర్గ్‌తో కలిసి సంకేత అణువు తయారుచేయలేని సూడోమోనాస్‌ను గాజు పలక మీద పెంచాడు. మీదుగా పోషక ద్రవం పారుతుంటుంది, పైనుంచి సూక్ష్మదర్శిని చూస్తుంటుంది. మామూలు బ్యాక్టీరియా పుట్టగొడుగుల్లా గుట్టలు కట్టింది, గుట్టల మధ్య నీళ్లు పారే కాలవలు మిగిలాయి. సంకేతం లేనిది కూడా గాజుకు అతుక్కుంది, పెరిగింది. కానీ పలచటి చదును పొరగానే ఉండిపోయింది. తర్వాత రెండింటి మీదా సబ్బులాంటి డిటర్జెంట్ పారించారు. మామూలు పొర నిలిచింది, చదును పొర విడిపోయి కొట్టుకుపోయింది. లోపించిన అణువును బయటినుంచి ఇస్తే ఆ చదును బ్యాక్టీరియా కూడా గుట్టలు కట్టి డిటర్జెంట్‌కు తట్టుకుంది.

ఈ చివరి మెట్టు వల్లే ఆ ఫలితానికి అంత బలం. జన్యువు తీసేస్తే చెడింది అనడం ఒక ఎత్తు, ఆ ఒక్క అణువును తిరిగి ఇస్తే కుదురుకుంది అనడం మరో ఎత్తు. అయితే అన్ని ప్రయోగశాలల్లో ఇదే రాలేదు. తిండిగా ఏ కార్బన్ పదార్థం ఇచ్చారన్నదాన్ని బట్టి, సంకేతం లేని సూడోమోనాస్ కూడా కొన్నిచోట్ల గుట్టలు కట్టింది. ఆ మేరకు 1998 నాటి మాటను కాస్త తగ్గించి చదువుకోవాలి.

కలరా బ్యాక్టీరియా అయితే ఏకంగా ఎదురు నడుస్తుంది. విబ్రియో కలరే కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడే బయోఫిల్మ్ కడుతుంది, అప్పుడే విషం తయారుచేస్తుంది. గుంపు పెరగగానే సంకేతం ఆ రెండింటినీ ఆపేసి, పేగు గోడ నుంచి విడిపించే ఎంజైమ్‌ను తెరుస్తుంది. ఇది ఎందుకో జబ్బు తీరు చూస్తే తెలుస్తుంది. సూడోమోనాస్ ఒకే ఊపిరితిత్తిలో ఏళ్ల తరబడి ఉండాలి. కలరా రోజుల్లో విరేచనాలతో బయటపడి మరో మనిషిని వెతుక్కోవాలి. సంకేతం చెప్పేది గుంపు ఉందనే ఒక్క ముక్క. ఆ మాట విని కట్టాలా విప్పాలా అన్నది ఏ జాతికి ఆ జాతే తేల్చుకుంటుంది.

అసలు గుంపు ఉందనైనా చెబుతుందా అని 2002లో రోజ్‌మేరీ రెడ్‌ఫీల్డ్ అడిగారు. విడిచిన అణువు దగ్గరే నిలబడుతోందా, కొట్టుకుపోతోందా అన్నదే కణం కనిపెడుతుండవచ్చన్నది ఆమె వాదన. ఏడేళ్లకు రుస్తెమ్ ఇస్మాగిలోవ్ బృందం ఒకటి రెండు సూడోమోనాస్ కణాలను అతి చిన్న నీటి బిందువుల్లో బంధించి చూసింది. తోడు లేకున్నా కొన్ని కణాల్లో కోరమ్ జన్యువులు తెరుచుకున్నాయి. నా మటుకు ఇది రెండు వాదాల మధ్య తగువు కాదు. ఇరుకు చోటయినా, ఇరుగుపొరుగయినా అణువు పోగవడమే కణానికి అందే వార్త.

బ్యాక్టీరియా ఇలా సంకేతం మీద ఆధారపడటంలోంచే మందుల ఆశ కూడా పుట్టింది. డెలిసియా పుల్క్రా అనే ఆస్ట్రేలియా సముద్రపు పాచి, బ్యాక్టీరియా సంకేతాన్ని చెడగొట్టే ఫ్యురనోన్‌లను తయారుచేసి తన ఒంటి మీద పొర పేరుకోకుండా చూసుకుంటుంది. బ్యాక్టీరియాను చంపకుండా చెవిటిదాన్ని చేస్తే చాలు, మందుకు లొంగని జాతులు పుట్టవని చాలామంది అనుకున్నారు. కానీ ఫ్యురనోన్‌లు మనిషికి మందుగా ఇవ్వలేనంత విషం. అంతకన్నా పెద్ద చిక్కు బ్యాక్టీరియాలోనే ఉంది. సూడోమోనాస్ సంకేతం విని ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌ను బయటికి వదులుతుంది. పాల ప్రోటీన్ ఒక్కటే తిండిగా ఇచ్చిన ఫ్లాస్కులో కణాలన్నీ ఆ ఎంజైమ్ మీదే బతకాలి. 2007లో మార్టిన్ షూస్టర్ బృందం చూసినట్టు, కొన్నాళ్లకు అందులో లాస్-ఆర్ జన్యువు చెడి సంకేతం వినని కణాలు పుట్టుకొస్తాయి. అవి ఎంజైమ్ తయారుచేయవు, పక్కవాటి ఎంజైమ్ కోసిపెట్టిన తిండి తిని వాటికన్నా వేగంగా పెరుగుతాయి. ఏళ్ల తరబడి సూడోమోనాస్ తిష్ట వేసిన సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల కఫంలో కూడా లాస్-ఆర్ చెడిన రకాలే తరచుగా దొరుకుతున్నాయి. లాస్-ఆర్‌కు గురిపెట్టిన మందు వాటిని తాకదు. అది పడగొట్టాల్సిన జన్యువు వాటిలో ముందే పడిపోయి ఉంది.