వలయాన్ని మూసే రుథీనియం: ద్విబంధాల మార్పిడి చరిత్ర

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జె.ఎస్. యాదవ్ బృందం సహజ లాక్టోన్ల వలయాలను మూయడానికి పలుమార్లు వాడిన చర్య ఓలిఫిన్ మెటాథసిస్. ఇందులో రెండు ఆల్కీన్లు నేరుగా కలవవని, లోహకార్బీన్ ఒక ఆల్కీన్‌తో నాలుగు పరమాణువుల వలయమై మరో దిశలో విడిపోతుందని ఫ్రాన్స్‌లో షోవాఁ, ఎరిసోఁ 1971లోనే ప్రతిపాదించారు. ఆల్కహాల్, ఆమ్ల సమూహాలను సహించే రుథీనియం బెంజిలిడీన్‌ను 1995లో గ్రబ్స్ బృందం అందించాకే అది సాధారణ ప్రయోగశాలకు చేరింది.

డైఇథైల్ డైఅల్లైల్‌మాలొనేట్‌నే చూద్దాం. ఉత్ప్రేరకం మొదట ఒక ఫాస్ఫీన్‌ను వదులుతుంది. ఆ ఖాళీలో ఒక అల్లైల్ ద్విబంధం చేరి, స్టైరీన్ తొలగి, లోహం అణువు కొనకు అంటుకుంటుంది. అదే లోహం రెండవ ద్విబంధాన్ని అందుకోగానే ఐదు కార్బన్ల వలయం విడివడుతుంది. మిగిలిన రుథీనియం మెథిలిడీన్ మరో అణువును పట్టి ఇథిలీన్‌ను వదులుతుంది. చక్రం మళ్ళీ మొదలవుతుంది.

ప్రతి మెట్టూ ద్విదిశాత్మకమే. వాయువైన ఇథిలీన్ తప్పించుకుపోవడమే చర్యను ముందుకు లాగుతుంది. అయితే ఈ మెథిలిడీనే చక్రంలో బలహీనమైన ఘట్టం. అది విచ్ఛిన్నమైతే చర్య మధ్యలో ఆగుతుంది. పెద్ద వలయాల విషయంలో ద్రావణం పలుచగా ఉండాలి, లేకుంటే రెండు అణువులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్.లో 5.1 వద్ద చివరి వినైల్ సంకేతాలు మాయమైతే సరిపోదు. వలయ ద్వ్యణుకంలోనూ అవి ఉండవు. ద్రవ్యరాశి వర్ణపటమే ఆ తేడాను పట్టిస్తుంది.