పిక్చర్ బై పిక్చర్

పిక్చర్ బై పిక్చర్ (పీబీపీ) అనగా వేర్వేరు కేబుళ్ళ ద్వారా వచ్చే రెండు చిత్రాలను ఒకే మానిటరు తెరపై పక్కపక్కన చూపించే పద్ధతి. వెడల్పాటి మానిటరుకు రెండు కంప్యూటర్లను కలిపినప్పుడు ఎడమ సగంలో ఒకదాని తెర, కుడి సగంలో మరొకదాని తెర కనిపిస్తాయి. పెద్ద చిత్రం మూలలో చిన్న చిత్రాన్ని ఉంచే పద్ధతి వేరు. దానిని పిక్చర్ ఇన్ పిక్చర్ అంటారు. అందులో చిన్న చిత్రం పెద్దదానిలో కొంత భాగాన్ని కప్పివేస్తుంది. పీబీపీలో ఒకదానినొకటి కప్పుకోవు.

ఈ విభజన అంతా మానిటరు లోపలే జరుగుతుంది. ఇందుకోసం కంప్యూటర్లలో ఏ సాఫ్టువేరూ వేయనవసరం లేదు. ఒక కంప్యూటరు ఉనికి రెండవదానికి తెలియదు. కనుక ఆఫీసు ల్యాప్‌టాపును, సొంత కంప్యూటరును ఒకే తెరపై చూస్తున్నంత మాత్రాన ఒకదాని ఫైళ్ళు మరొకదానికి అందవు.

తెర కొలతలు

పీబీపీకి బాగా అనువైనవి 32:9 నిష్పత్తి గల మానిటర్లు. 2017లో శామ్‌సంగ్ సంస్థ 3840×1080 పిక్సెళ్ళ 49 అంగుళాల మానిటరును, 2018లో డెల్ సంస్థ 5120×1440 పిక్సెళ్ళ 49 అంగుళాల మానిటరును విడుదల చేశాయి. రెండవదాన్ని సగం చేస్తే ఒక్కొక్క భాగం 2560×1440 అవుతుంది. ఇది 27 అంగుళాల మానిటర్లలో సర్వసాధారణమైన కొలతే కనుక దాదాపు ప్రతి కంప్యూటరూ దీనిని ఇబ్బంది లేకుండా పంపగలదు. పూర్తి తెరను సెకనుకు 60 మార్లు నింపడానికి 44 కోట్ల పిక్సెళ్ళు కావాలి. సగానికి 22 కోట్లు చాలు. అందుచేత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు మాత్రమే ఉన్న పాత ల్యాప్‌టాపు, పూర్తి తెరను 60 హెర్ట్జ్ వద్ద నింపలేకపోయినా, సగం తెరను చక్కగా నింపుతుంది.

చిక్కు వచ్చేది 34 అంగుళాల, 3440×1440 పిక్సెళ్ళ మానిటరుతో. దాని సగం 1720×1440. ఇది వాడుకలో ఉన్న కొలత కాదు.

చిత్రం సాగిపోవడం

కేబులు కలిపినప్పుడు మానిటరు తాను చూపగల కొలతల జాబితాను కంప్యూటరుకు అందిస్తుంది. ఈ జాబితాను ఈడీఐడీ అంటారు. పీబీపీ మొదలుకాగానే మంచి మానిటరు కేబులు తీసి మళ్ళీ పెట్టినట్లుగా కంప్యూటరుకు సంకేతమిచ్చి, సగం తెరకు తగిన కొత్త జాబితాను పంపుతుంది. కొన్ని మానిటర్లు అలా చేయవు. అప్పుడు కంప్యూటరు తనకు తెలిసిన 1920×1080నే పంపుతుంది.

ఆ చిత్రాన్ని 1720×1440 స్థలంలో నింపివేస్తే వెడల్పు సుమారు పదో వంతు తగ్గి, ఎత్తు మూడో వంతు పెరుగుతుంది. గుండ్రని బొమ్మ నిలువుగా కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, అక్షరాలు సన్నబడి మసకబారుతాయి. నిష్పత్తి చెడకుండా చూపితే చిత్రం 1720×968కి కుదించుకుపోయి, పైనా కిందా 236 పిక్సెళ్ళ చొప్పున నల్లని పట్టీలు మిగులుతాయి. ఆకారం సరిగా ఉన్నా, కుదించినందువల్ల అక్షరాలు ఇప్పుడూ మసకగానే ఉంటాయి. తెర చెడిపోయిందని చాలామంది భ్రమపడేది ఇక్కడే.

నిర్ధారించుకోవడానికి విండోస్ 11లో `Advanced display` పుటను తెరచి `Active signal mode` ఎదుట ఉన్న అంకెలను చూడవలెను. అవి సగం తెర కొలతతో సరిపోకపోతే లోపం తెరది కాదు, పంపుతున్న కొలతది. ముందుగా జాబితాలో సరైన కొలత ఉన్నదేమో చూడాలి. లేకుంటే గ్రాఫిక్స్ కార్డు నియంత్రణ సాఫ్టువేరులో 1720×1440, 60 హెర్ట్జ్ అని కొత్త కొలతను స్వయంగా చేర్చవచ్చు. దీనిని అన్ని మానిటర్లూ అంగీకరించవు; తెర నల్లబడితే కొద్ది సెకన్లు ఆగితే విండోస్ సాధారణంగా పాత కొలతకు తిరిగి వస్తుంది. కంపెనీ నిర్వహణలోని ల్యాప్‌టాపులలో ఈ మార్పుకు అనుమతి ఉండకపోవచ్చు. అటువంటప్పుడు నల్ల పట్టీలతో సరిపెట్టుకోవడమే మేలు. సాగిన అక్షరాలను రోజంతా చదవడం కంటికి శ్రమ.

పరిమితులు

పీబీపీలో చాలా మానిటర్లు 60 హెర్ట్జ్‌కు పరిమితమవుతాయి. పూర్తి తెరపై 120 హెర్ట్జ్ అలవాటైనవారికి మౌసు కదలికలోనే తేడా తెలుస్తుంది. శబ్దం ఒక్క కంప్యూటరు నుండే వినిపిస్తుంది, అది ఏదో మానిటరు మెనూలో ఎంచుకోవాలి. ఏ పోర్టుతో ఏ పోర్టును జతచేయవచ్చో కూడా మానిటరును బట్టి మారుతుంది కనుక కేబులు కొనేముందు దాని వివరణ పుస్తకం చూడటం అవసరం.

కీబోర్డు, మౌసు

తెర ఒకటే అయినా మౌసు బాణం మధ్యగీతను దాటి పక్క కంప్యూటరులోకి పోదు. కొన్ని మానిటర్లలో కేవీఎం అనే మీట ఉంటుంది. కీబోర్డు, మౌసులను మానిటరుకే తగిలించి, రెండు కంప్యూటర్లకూ యూఎస్‌బీ కేబుళ్ళు కలిపితే, మీట మార్చినప్పుడల్లా అవి ఒకదాని నుండి మరొకదానికి మారతాయి. బాణం తానుగా గీత దాటాలంటే రెండు కంప్యూటర్లలోనూ మౌస్ వితవుట్ బోర్డర్స్ వంటి సాఫ్టువేరు ఉండాలి. ఇది రెండింటినీ నెట్‌వర్కు ద్వారా కలుపుతుంది. అంటే పీబీపీలో ఉన్న ఎడబాటు ఇక్కడ ఉండదు; ఆఫీసు యంత్రంలో దీనిని వేయడానికి ముందు అక్కడి నియమాలు చూసుకోవలెను.