అరికాలి గుంటలు: ఒక వ్యాధి, మూడు పేర్లు

రోజంతా బూట్లు తొడుక్కునేవారిలో కొందరికి, సాయంత్రం వాటిని విప్పగానే భరించలేని దుర్గంధం వెలువడుతుంది. అరికాలిని పరిశీలిస్తే మడమమీద, వేళ్ల మొదళ్ల కింద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. దీనిని నేటి వైద్యులు 'పిట్టెడ్ కెరటోలైసిస్' అంటారు. బూట్ల జబ్బుగా పేరుపడిన ఈ వ్యాధిని తొలిసారి గుర్తించింది మాత్రం చెప్పులు కూడా లేని పాదాలలో.

1910లో సిలోన్‌లో పనిచేస్తున్న ఇటలీ దేశీయుడైన వైద్యుడు ఆల్డో కాస్టెల్లానీ, వర్షాకాలంలో ఉత్తకాళ్లతో తిరిగేవారి అరికాళ్లలో ఈ గుంటలను వర్ణించి, దానికి 'కెరటోమా ప్లాంటేర్ సల్కాటమ్' అని పేరు పెట్టాడు. కెరటోమా అంటే చర్మం గట్టిపడి పెరగడం. ఇరవై ఏళ్ల తరువాత కలకత్తాలో యాక్టన్, మెగ్వైర్ అనే వైద్యులు ఇక్కడ చర్మం పెరగడం లేదనీ, కరిగిపోతున్నదనీ గ్రహించి, 'కెరటోమా' స్థానంలో 'కెరటోలైసిస్' అనే మాటను నిలిపారు. గుంటలలో దొరికిన దారపు పోగులవంటి సూక్ష్మజీవిని ఆనాటి అవగాహన ప్రకారం ఒక రకం ఫంగస్‌గా భావించారు. ఆ తెగకు చెందిన జీవులు నిజానికి బాక్టీరియా అని తరువాతి శాస్త్రం తేల్చింది. 1965లో అమెరికాలో జయాస్, టాప్లిన్, రెబెల్ అనే పరిశోధకులు నేటి పేరును స్థిరపరిచారు. కొద్ది కాలానికే వియత్నాం యుద్ధంలో, తడి బూట్లతో రోజుల తరబడి నడిచిన సైనికులలో ఈ వ్యాధి విరివిగా కనిపించింది. వానలో నానిన ఉత్తకాలికీ, చెమటలో నానిన బూటుకాలికీ తేడా లేదని అప్పుడు స్పష్టమయింది. కారణం తడి.

తడికి మెత్తబడిన చర్మంపై కొరినీబాక్టీరియం, కైటోకాకస్ సెడెంటేరియస్ వంటి బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. అవి విడుదల చేసే ఎంజైములు చర్మం పైపొరలోని కెరటిన్‌ను కరిగించి గుంటలు చేస్తాయి. ఆ క్రమంలో పుట్టే గంధక సమ్మేళనాలే దుర్వాసనకు ముఖ్యకారణం. కనుక ఇది శుభ్రత లేనివారి జబ్బు కాదు. రోజూ స్నానం చేసి, ఆరని పాదానికే బూటు తొడిగేవారికీ వస్తుంది.

1930 నాటి ఫంగస్ భావన నేటికీ మందుల దుకాణాలలో బతికే ఉంది. పన్నెండు గంటల డ్యూటీ చేసే ఒక సెక్యూరిటీ గార్డును ఊహించుకోండి. ఉన్నది ఒకే జత బూట్లు, నైలాన్ మేజోళ్లు. తోటివారు పక్కన కూర్చోవడానికి సందేహిస్తున్నారు. అతడు స్టెరాయిడ్ కలిసిన ఫంగస్ క్రీమును నెలల తరబడి రాస్తాడు. అటువంటి కొన్ని క్రీములకు బాక్టీరియాపైనా కొద్దిపాటి ప్రభావం ఉండటంవల్ల కాస్త ఉపశమనం కలుగుతుంది, ఆపగానే వాసన తిరిగి వస్తుంది. ఫంగస్ అయితే సాధారణంగా వేళ్ల సందులలో దురద, పొట్టు ఉంటాయి. ఇక్కడ దురద అరుదు, గుంటలు బరువు మోపే చోటనే ఉంటాయి. పాదాన్ని పది, పదిహేను నిమిషాలు నీటిలో నానబెడితే అవి మరింత స్పష్టమవుతాయి.

ఇతనికి తగిన చికిత్స ఇది. పాదాలను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వైద్యుడు సూచించిన 1 శాతం క్లిండామైసిన్ లోషన్‌ను ఉదయం, రాత్రి రాయాలి. ఎరిత్రోమైసిన్, ఫ్యూసిడిక్ ఆసిడ్ కూడా పనిచేస్తాయి. సాధారణంగా వాసన ముందుగా తగ్గుతుంది. కొత్త చర్మం రావాలి గనుక గుంటలు పూడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. చెమట ఎక్కువైతే 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని రాత్రిపూట వాడవచ్చు. పాదం తడిగా ఉంటే అది నీటితో కలిసి ఆమ్లంగా మారి మంట పుట్టిస్తుంది కనుక, పొడిపాదానికే రాయాలి.

అయితే మందు బాక్టీరియాను తగ్గించగలదే తప్ప బూటును ఆరబెట్టలేదు. రెండు జతలుంచుకొని రోజు విడిచి రోజు తొడగాలి, మధ్యాహ్నం మేజోళ్లు మార్చాలి. ఈ మార్పు లేనివారికి జబ్బు తిరిగి రావడం మామూలే. యూనిఫాం ఇచ్చే యజమానులు ఒక్క జత బూట్లతో సరిపెట్టడం మానితే సగం చికిత్స జరిగినట్లే.

నాలుగు వారాలకూ తగ్గకపోయినా, అరచేతులలోనూ గుంటలున్నా, నొక్కితే నొప్పిపెట్టే గట్టి పొక్కు ఉన్నా అది వేరే వ్యాధి కావచ్చు, చర్మవైద్యునికి చూపండి. మధుమేహం ఉండి పాదాలకు స్పర్శ తగ్గినవారు సొంతవైద్యం చేసుకోక మొదటే వైద్యుని కలవాలి.