సూత్‌కీ ఎం.ఎం.కీ మధ్య
ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి హార్డ్‌వేర్ దుకాణానికి బోల్టు ఫోటో వాట్సాప్‌లో వస్తే కింద ఒక్కోసారి ‘ఎనిమిది ఎం.ఎం. సూత్’ అని ఉంటుంది. మీటరు గజం అన్నట్టే ఇది. సంస్కృత ‘సూత్రం’, అంటే దారం, హిందీలో ‘సూత్’ అయింది; తెలంగాణ పనివాళ్ల నోట అది అంగుళంలో ఎనిమిదో వంతు. మంగళసూత్రంలో మాత్రం దారం దారంగానే మిగిలింది. మరి ఫోటోలోది ఎం.ఎం. బోల్టా, సూత్ బోల్టా? పక్కన, అదే ఎత్తులో, 27 మి.మీ. వెడల్పున్న పది రూపాయల బిళ్ల పెట్టి నిటారుగా తీస్తే కాడ లావు లెక్కకు అందుతుంది: తెరమీద బిళ్ల 54, కాడ 16 వస్తే అసలు కాడ 8 మి.మీ. చిక్కంతా ఇక్కడే, రెండున్నర సూత్ కూడా 7.94 మి.మీ.! తల చూసినా ఆరు పలకలే, కంటికి తేడా తెలియదు. అప్పుడు మరలు లెక్కపెట్టాలి. అంగుళం పొడవులో మామూలు ఎనిమిది ఎం.ఎం. బోల్టుకు ఇరవై, రెండున్నర సూత్‌కు పద్దెనిమిది. తలమీద 8.8 అని అచ్చువేసి ఉంటే లెక్క కూడా అక్కర్లేదు, అది ఎం.ఎం. బోల్టే. తేడా నట్టు రెండు చుట్లు సుఖంగా ఎక్కి బిగుసుకుంటుంది. మనవాళ్లు పానాకు పైపు తగిలించి తిప్పుతారు, మరలు అరిగిపోతాయి.