రైలు కంటే ముందు మట్టిగంప

మొదటి రైలు కథలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పల్లెటూరి పిల్లోడు పొలం గట్టు మీద నిలబడి ఉంటాడు, దూరాన పొగ కనిపిస్తుంది, నేల అదురుతుంది, ఊరు ఊరంతా కొబ్బరికాయలతో పరిగెత్తుకొస్తుంది. ఈ కథను పావగడ తాలూకా అరసికెరెలో జరిగినట్టు రాయబోతే మొదటి వాక్యమే తప్పుతుంది, ఎందుకంటే ఆ ఊరికి రైలు రాలేదు. రైల్వే పటంలో పెద్ద జంక్షనుగా కనిపించే అరసికెరె హాసన్ జిల్లాది. బెంగళూరు నుంచి తుమకూరు, గుబ్బి మీదుగా హరిహర్ వెళ్లే దారి 1889లో పూర్తయినప్పుడు రైలు చూసింది ఆ ఊరు. మూడు వైపులా అనంతపురం సీమ ఆవరించి, తెలుగు వినిపించే పావగడ పల్లెల్లోని పిల్లోడు రైలు చూడాలంటే హిందూపురానికో పెనుకొండకో పోవాలి. గుంతకల్లు నుంచి హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే మీటరు గేజి దారి 1892-93 ప్రాంతంలో తెరుచుకున్నాక గాని అదీ కుదరలేదు. అందుకే ఈ సీమలో మొదటి రైలు కథను పొగతో మొదలుపెట్టకూడదని నా వాదన. ఇక్కడ రైలు కథ కరువుతో మొదలవుతుంది, స్టేషనుకూ ఊరికీ మధ్య ఉన్న దూరం చుట్టూ తిరుగుతుంది.

1876-78 కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మైసూరు సంస్థానంలో 1871 జనాభా లెక్క 50 లక్షలు దాటింది, 1881లో అది 42 లక్షలకు కూడా చేరలేదు. పదేళ్లలో పెరగాల్సిన జనం తగ్గారంటే, కొందరు వలస పోయారనుకున్నా, చావులు ఏ స్థాయిలో ఉండి ఉంటాయో ఊహించవచ్చు. అప్పటికి దక్షిణాదిలో రైలు లేదా అంటే ఉంది. బెంగళూరుకు 1864లోనే బ్రాడ్ గేజి దారి వచ్చింది. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా 1871 కల్లా రైలు నడిచింది. సముద్రం మీద వచ్చిన ధాన్యం మద్రాసు రేవులో దిగి ఈ దారుల్లో లోపలికి వచ్చింది కూడా. స్టేషను దాటాక మాత్రం దాని కదలిక మందగించింది. బస్తాలను ఊళ్లకు లాగాల్సిన ఎద్దులు మేత లేక, నీళ్లు లేక అప్పటికే చచ్చిపోయాయి. బండి ఉన్నా కట్టడానికి జత లేదు.

ఇక్కడ కాస్త నిదానించి లెక్క వేసుకుందాం. ఎడ్లబండి రోజుకు నడిచే దూరం సుమారు 30 కిలోమీటర్లు. ధాత కరువు నాటికి హిందూపురానికి రైలు లేదు, అది వచ్చాక కూడా పావగడ నుంచి హిందూపురం నలభై, యాభై కిలోమీటర్లు ఉంటుంది. అంటే పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. మంచి సంవత్సరంలో ఎద్దులు దారి పొడవునా గడ్డి మేస్తాయి, చెరువుల్లో నీళ్లు తాగుతాయి, కాబట్టి బండి నిండా సరుకే వేసుకోవచ్చు. కరువు సంవత్సరంలో దారిలో గడ్డి ఉండదు, చెరువు ఎండి ఉంటుంది. నాలుగు రోజుల మేత బండిలోనే వేసుకోవాలి, దాంతో సరుకుకు చోటు తగ్గుతుంది. ఆ మేత ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది ఇంకో ప్రశ్న. కొనాలంటే దాని ధర గింజల ధరతో పోటీ పడుతూ ఉంటుంది. రైలు రోజులో 600 కిలోమీటర్లు మోసుకొచ్చిన ధాన్యం చివరి నలభై కిలోమీటర్ల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. రైలు మందు అయినా, దూరాన ఉన్న పల్లెకు అందడానికి బతికిన ఎద్దు కావాలి.

ఈ సీమవాళ్లకు రైల్వేతో మొదటి పరిచయం కూడా చాలా చోట్ల ఇంజనుతో జరగలేదు, మట్టితట్టతో జరిగింది. బెంగళూరు నుంచి మైసూరుకు వెళ్లే దారికి మట్టిపని 1877లో కరువు పనిగానే మొదలైంది, దాని మీద రైళ్లు నడిచింది 1881-82లో. గునపంతో తవ్వడం, గంపకెత్తడం, కట్ట మీదికి మోసి పొయ్యడం, మళ్లీ దిగడం. ఈ పని చేసినవాళ్లు పొలం పోయి, పశువు పోయి, కూలికి వచ్చినవాళ్లు. సరిహద్దుకు అవతల, మద్రాసు రాజధానిలో, రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో కరువు కూలిని రోజుకు పౌను ధాన్యానికి, పైన కొద్దిపాటి నగదుకు కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని పారిశుధ్య కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు ఆ కూలి పెంచారు. ఆ రోజుల్లో పదేళ్ల పిల్లోడు రైల్వే కట్టను చూసి ఉంటే, తల్లి తల మీద గంపతో ఎక్కి దిగే మట్టిదిబ్బగానే చూసి ఉంటాడు. మన కథల్లో ఈ పిల్లోడికి చోటు దొరకలేదు.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు, రెండూ బలమైనవే. మొదటిది, ఆశ్చర్యం నిజం కాదా అని. నిజమే. నీళ్లు కాచి, ఆవిరితో ఇనుప బండ్ల వరుసను లాగే యంత్రాన్ని మొదటిసారి చూసిన ఎవరికైనా, లండన్‌లో అయినా పెనుకొండలో అయినా, గుండె ఝల్లుమంటుంది. అయితే జనం దయ్యమని పారిపోయారన్న కథనానికి ఇచ్చినంత బరువు, వాళ్లు ఎంత త్వరగా టికెట్టు కొన్నారన్న విషయానికి మనం ఇవ్వలేదు. కులం పట్టింపులున్న జనం పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేయరని రైల్వేలు వేయకముందు చాలామంది ఇంగ్లీషువాళ్లు అనుమానపడ్డారు. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. మూడో తరగతి పెట్టెలు కిక్కిరిసిపోయాయి, ప్రయాణికుల రాబడిలో పెద్ద వాటా ఆ పెట్టెలదే అయింది. బెదిరిన మనుషులు ఇలా ప్రవర్తించరు. తిరుపతి యాత్రకు, పెళ్లికి, కూలికి పనికొచ్చే సాధనమని వాళ్లు చప్పున గుర్తుపట్టారు. భయం ఉన్నా అది ఒక పూట ముచ్చట.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. రైళ్లు వచ్చాకే గదా కరువు చావులు తగ్గింది అని. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికవేత్త బ్రిటిష్ ఇండియా జిల్లాల లెక్కలు తీసి, ఉప్పు ధరల తేడాల ద్వారా రవాణా ఖర్చును కొలిచి, రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని 2018లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. వాన తప్పినా చావులు మునుపటంతగా పెరగలేదని కూడా ఇలాంటి పరిశోధనలే చెబుతున్నాయి. నేను దీన్ని కాదనను. హిందూపురాన్నే చూడండి. బెల్లానికీ చింతపండుకూ పేరు మోసిన బజారుగా అది నిలబడటంలో రైలు పాత్ర పెద్దది. కాని ఆ లెక్కలో కొలత జిల్లా. జిల్లాకు రైలు వచ్చిందంటే పట్టాల పక్క ఊరికీ, రెండు రోజుల బండి ప్రయాణంలో ఉన్న ఊరికీ ఒకే మార్కు పడుతుంది. పైగా పావగడ మైసూరు వైపు తాలూకా, హిందూపురం మద్రాసు రాజధాని వైపు బజారు. అరసికెరె రైతుకు పనికొచ్చిన స్టేషను అతని ప్రభుత్వం హద్దుకు అవతల ఉన్న స్టేషను. సగటు నిజమే చెబుతుంది, కాని ఈ ఊరి సంగతి అందులో కనిపించదు.

అందుకే అరసికెరె పిల్లోడి కథ రాసేవాళ్లు అతన్ని ఊరి గట్టు మీద నిలబెట్టకుండా తండ్రి బండి ఎక్కించి హిందూపురం తీసుకెళ్లాలి. అక్కడ గూడ్సు షెడ్డు ముందు బండ్ల వరుస, బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా, బేరం తెగక విసుక్కునే తండ్రి, ఇవన్నీ ఇంజనుకు సమానంగా కథలో ఉండాలి. కథ ఇంకా ముగియలేదు కూడా. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరు వెళ్లే 207 కిలోమీటర్ల దారికి 2007-08లో మంజూరు వచ్చింది. రాయదుర్గం వైపు నుంచి కదిరిదేవరపల్లి దాకా రైళ్లు నడుస్తున్నాయి. ఆ పట్టాలు పావగడ చేరినప్పుడు కెమెరాలన్నీ ఇంజను వైపే తిరుగుతాయి. వేరుశనగ పండించే పల్లెలకు మాత్రం తేలాల్సిన సంగతులు వేరే ఉన్నాయి: స్టేషనులో ప్రయాణికుల ప్లాట్‌ఫారంతో పాటు సరుకు ఎక్కించే చోటు కూడా కడతారా, కడితే అక్కడికి ఊళ్ల నుంచి రోడ్డు ఎలా ఉంటుంది, బస్తాకు బాడుగ ఎంత పడుతుంది.