చిన్న వర్క్‌షాపులో జనరేటర్: కొనడమా, అద్దెకు తేవడమా

గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుకు సొంత షెడ్డులో కరెంటు ఉంటుంది. బిగింపు పని జరిగే చోట చాలాసార్లు ఉండదు. అక్కడికి డీజిల్ జనరేటర్ కావాలి. దాన్ని కొనాలా, పని పడినప్పుడల్లా అద్దెకు తేవాలా అన్నది ఏడాదిలో ఎన్ని రోజులు అవసరపడుతుందన్న లెక్క మీద ఆధారపడుతుంది. అయితే ఆ లెక్క వేసేముందు ఎంత పెద్ద జనరేటర్ కావాలో తేల్చుకోవాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ధరల దగ్గరికి వెళ్తారు.

సైజు తేల్చేది వెల్డింగ్ మిషన్

3.15 మి.మీ. రాడ్‌తో వెల్డింగ్‌కు సుమారు 110 ఆంపియర్లు కావాలి. ఆర్క్ దగ్గర వోల్టేజి 24 ప్రాంతంలో ఉంటుంది కనుక నిజంగా వాడుకునే శక్తి 2.7 కిలోవాట్లే. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ మాత్రం జనరేటర్ నుంచి దాదాపు 8 కేవీఏ లాగుతుంది. దాని పవర్ ఫ్యాక్టర్ తక్కువ. పైగా అది రెండు ఫేజుల మీదే నడుస్తుంది కాబట్టి త్రీ ఫేజ్ జనరేటర్‌పై భారం సమానంగా పడదు. అందుకే 15 కేవీఏ, అంతకన్నా పెద్ద సెట్టు వెతుక్కోవాల్సి వస్తుంది. అదే పనికి ఇన్వర్టర్ మిషన్ 4 నుంచి 5 కేవీఏతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి జనరేటర్ మాట ఎత్తకముందే వెల్డింగ్ మిషన్ మార్చడం గురించి ఆలోచించడం మంచిది. చాలా షాపుల్లో ఆ మార్పుకయ్యే ఖర్చు పెద్ద సెట్టు ధరలో చిన్న భాగమే.

సెట్టు అవసరానికి మించి పెద్దదైతే డీజిల్ వృథా అవుతుంది. మూడొంతుల లోడు మీద లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇచ్చే ఇంజిను, పావు లోడు మీద 2 యూనిట్ల దగ్గరే ఆగిపోతుంది. ఎప్పుడూ తక్కువ లోడు మీదే నడిపితే ఇంజిను సరిగా వేడెక్కక డీజిల్ పూర్తిగా మండదు. సైలెన్సర్ చివర నల్లటి జిడ్డు కారడం, ఇంజిను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోవడం దానికి గుర్తులు.

ఒక లెక్క

ఒక షాపుకు 15 కేవీఏ సెట్టే తప్పదనుకుందాం. కింది ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవే. ఎవరి ఊరి ధరలు వాళ్లు పెట్టుకోవాలి. కొంటే 4 లక్షలు, పదేళ్ల తర్వాత అమ్మితే 1 లక్ష వస్తుంది. అంటే ఏడాదికి 30 వేల తరుగుదల. మధ్యస్థ విలువ రెండున్నర లక్షల మీద 10 శాతం వడ్డీ 25 వేలు. ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ వంతు కలిపి 15 వేలు. సెట్టు ఒక్క గంట నడవకపోయినా ఈ 70 వేలు పోతాయి. ఎందుకంటే ఆయిలుకు గంటలతో పాటు కాలపరిమితీ ఉంటుంది, బ్యాటరీ ఊరికే ఉండి కూడా పాడవుతుంది.

అద్దెకు తెస్తే రవాణాతో కలిపి రోజుకు 3 వేలు. సొంత సెట్టును సైటుకు తరలించడానికీ రోజుకు వెయ్యి అవుతుంది. తేడా 2 వేలు. 70 వేలను 2 వేలతో భాగిస్తే 35 రోజులు. ఏడాదిలో అంతకన్నా ఎక్కువ రోజులు పని ఉంటే కొనడం లాభం, తక్కువైతే అద్దె లాభం.

ఈ లెక్కలో డీజిల్ లేదు. సాధారణంగా అద్దె ఒప్పందాల్లో డీజిల్ తీసుకున్నవారిదే, సొంతమైనా మనదే. రెండు సెట్లూ ఒకేలా తాగితే దాన్ని పక్కన పెట్టవచ్చు. తాగకపోతే లెక్క మారుతుంది. అద్దె సెట్టు పాతబడి గంటకు అర లీటరు ఎక్కువ తాగుతోందనుకోండి. రోజుకు ఆరు గంటలు నడిపితే 3 లీటర్లు; లీటరు 100 రూపాయలు వేసుకుంటే 300. అప్పుడు రోజువారీ తేడా 2,300 అయి, పరిమితి 30 రోజులకు దిగుతుంది.

ఈ అదనపు తాగుడు కనిపెట్టడం సులువే. మొదటి రోజు ట్యాంకు అంచుదాకా నింపి అవర్ మీటరు రీడింగు రాసుకోవాలి. సాయంత్రం సెట్టును అదే చదునైన చోట నిలిపి, మళ్లీ అంచుదాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టాయో చూసి, నడిచిన గంటలతో భాగించాలి. సెట్ల మధ్య పోలిక ఒకే రకం పని మీద జరగాలి. రోజంతా వెల్డింగ్ చేసిన రోజుకూ, డ్రిల్లు మాత్రమే తిరిగిన రోజుకూ లీటర్ల తేడా ఇంజిను తప్పు కాదు.

పన్ను విషయంలో అద్దె మొత్తం ఆ ఏడాది ఖర్చుగా రాసుకోవచ్చు. కొన్న యంత్రానికి ఏటా 15 శాతం తరుగుదలే దొరుకుతుంది. కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. కాంపోజిషన్ స్కీములో ఉన్న షాపుకు జీఎస్టీ క్రెడిట్ రాదు కనుక, కొనుగోలు ధరనూ అద్దెనూ పన్నుతో కలిపే లెక్కలో వేయాలి.